"మీ బాధ అర్థమైంది" తీసేశాక క్షమాపణ మెయిల్ కుదిరింది (నా అనుభవం)

ఆన్‌లైన్ చీరల షాపులో కస్టమర్ మెయిల్స్ నేనే చూస్తాను. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ బాధ మాకు అర్థమైంది" అని పంపితే, "ఏం అర్థమైంది?" అని ఇంకా కోపంగా జవాబు వచ్చేది. మాటలు మార్చడం, "చాలా చాలా" చేర్చడం, కూపన్ ఇవ్వడం, ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. చీర ఆలస్యంగా అందిందని ఒక కస్టమర్ రాశారు. ముందు ఆవిడ మెయిల్ మళ్లీ చదివి, ఆలస్యం వల్ల ఆవిడకు ఏం పోయిందో వెతికాను. గృహప్రవేశం శుక్రవారం, చీర చేరింది శనివారం. మొదటి వాక్యంలో అదే రాశాను:

"శుక్రవారం గృహప్రవేశానికి కట్టుకోవాలని తీసుకున్న చీర శనివారం అందింది. తప్పు మాదే. బుధవారమే పంపాల్సిన పార్సిల్ మా గోడౌన్‌లో గురువారం దాకా ఉండిపోయింది. క్షమించండి. చీర వద్దనుకుంటే రేపు మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు, డబ్బు మొత్తం వాపసు వేస్తాం."

"ఆలస్యం జరిగింది" అనలేదు, ఎవరి దగ్గర ఆగిందో చెప్పాను. రేపు మనిషి వస్తాడని పికప్ వాళ్లను అడిగాకే రాశాను. చివరగా ఒక్కో వాక్యం చూసి, ఇంకో కస్టమర్‌కి కూడా అతికేదైతే కొట్టేశాను. "మీ సహనానికి ధన్యవాదాలు" అలాగే పోయింది. ఆవిడ చీర ఉంచుకున్నారు.

అందరికీ ఇదే కుదురుతుందని చెప్పలేను. ఆలస్యం వల్ల ఏం పోయిందో కస్టమర్ రాయకపోతే మనం ఊహించి రాయకూడదు, ఆర్డర్ వివరాలతోనే సరిపెట్టాలి. డబ్బు మోసం లాంటి కేసుల్లో "తప్పు మాదే" అనేముందు పైవాళ్లను అడగడం మంచిది.