ఇల్లు మారాక ఓటు, రేషన్ కార్డు మార్చుకోవడం ఎలా?

మిర్యాలగూడ నుంచి మహబూబ్‌నగర్‌కు మకాం మార్చారనుకుందాం. రేషన్ కార్డు గురించి వెంటనే టెన్షన్ పడక్కర్లేదు. తెలంగాణలో కార్డు ఏ ఊరిదైనా, కొత్త ఇంటికి దగ్గర్లోని షాపులో కార్డు నంబరు చెప్పి వేలిముద్ర వేస్తే బియ్యం ఇస్తారు. ఓటు అలా కాదు. పేరు ఎక్కడుంటే అక్కడికే వెళ్లి వేయాలి. అందుకే ముందు ఓటు సంగతి చూడండి.

ముందుగా ఆధార్‌లో అడ్రస్ మార్చుకోండి. కిరాయి ఇంట్లో కరెంటు బిల్లు ఓనరు పేరుమీద ఉంటుంది కాబట్టి మీ పేరుతో చూపించడానికి ఆధారే సులువు.

తర్వాత voters.eci.gov.in లో మొబైల్ నంబరుతో లాగిన్ అయి ఫారం 8 తెరవండి. ఓటరు కార్డు నంబరు కొట్టి, Shifting of Residence ఎంచుకోండి. మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వేర్వేరు నియోజకవర్గాలు కాబట్టి Outside Assembly Constituency అన్నదే నొక్కాలి. కొత్త అడ్రస్ రాసి, ఆధార్ కాపీ జతచేసి పంపితే రెఫరెన్స్ నంబరు వస్తుంది. దాన్ని రాసిపెట్టుకోండి. ఇంట్లో నలుగురు ఓటర్లుంటే నాలుగు ఫారాలు నింపాల్సిందే.

చాలామంది బోల్తా పడేది ఫారం 6 దగ్గర. అది మొదటిసారి ఓటు నమోదు చేసుకునేవాళ్లది. 2022 ఆగస్టుకు ముందు నియోజకవర్గం మారితే అదే నింపేవాళ్లు, ఆ అలవాటు ఇంకా పోలేదు. మా బామ్మర్దికి ఒక నెట్ సెంటర్ అబ్బాయి ఇలాగే ఫారం 6 పెట్టాడు. కొత్త నంబరుతో రెండో కార్డు వచ్చింది, పాత పేరు పాత ఊళ్లోనే ఉంది. రెండు చోట్ల పేరు ఉండటం చట్టవిరుద్ధం. తెలిసి తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. ఫారం 8తో వెళ్తే నంబరు మారదు, పాత చోట పేరు వాళ్లే తీసేస్తారు. చేతికొచ్చిన కార్డు మీద నంబరు మారిందంటే ఎక్కడో తేడా కొట్టినట్టే.

విచారణకు బూత్ లెవల్ ఆఫీసర్ ఇంటికొస్తారు. తాళం కనిపిస్తే దరఖాస్తు ఆగిపోవచ్చు, కాబట్టి పక్కింటివాళ్లకు ఓ మాట చెప్పి ఉంచండి. ఇంటి నంబరు కూడా ఓనరును అడిగి సరిగ్గా రాయండి. "వాటర్ ట్యాంక్ పక్కన" అని రాస్తే వాళ్లు వెతుక్కోలేరు. సందేహం ఉంటే 1950కి ఫోన్ చేయొచ్చు.

ఇక బియ్యం. కొత్త షాపుకు నెల మొదట్లోనే వెళ్లండి. డీలర్‌కు స్టాక్ వచ్చేది ముఖ్యంగా తన కార్డుల లెక్కన, చివర్లో వెళ్తే అయిపోయిందనే మాట వినాల్సి రావచ్చు. వేలిముద్ర పడకపోతే కార్డులో ఉన్న ఇంకొకరిని తీసుకెళ్లండి. ఇంట్లో అందరికీ ఈ-కేవైసీ అయిందో లేదో కూడా అక్కడే అడగండి.

కొత్త ఊళ్లోనే స్థిరపడతామని తేలాక కార్డు అడ్రస్ మార్పు కోసం పాత కార్డు, అందరి ఆధార్ కాపీలతో మీసేవలో అడగండి. ఓటు మనిషికొకటి, రేషన్ కార్డు ఇంటికొకటి. అమ్మానాన్నలు మిర్యాలగూడలోనే ఉండి, కార్డులో వాళ్ల పేర్లు కూడా ఉంటే దాన్ని కదపకపోవడమే నయం.