పిల్లాడికి షుగర్ అన్నారు: టైప్ 1 అయితే ఎలా, టైప్ 2 అయితే ఎలా

మన డెల్టాలో ఏ ఇంటికెళ్లినా ఫ్రిజ్ మీదో, అల్మారాలోనో ఒక మెట్‌ఫార్మిన్ స్ట్రిప్ కనిపిస్తుంది. తాతగారిదో, అమ్మమ్మగారిదో. అందుకే పద్నాలుగేళ్ల పిల్లాడికి షుగర్ అని రిపోర్టు రాగానే ఇంటిల్లిపాదికీ దాని గురించి ఎంతో కొంత తెలిసే ఉంటుంది. చిక్కంతా అక్కడే. వాళ్లకు తెలిసింది టైప్ 2 గురించి. పిల్లాడికి వచ్చింది టైప్ 1 కావచ్చు. ఒకదానికి పనికొచ్చే సలహా రెండో దానిలో పిల్లాడిని ఆస్పత్రి పాలు చేస్తుంది. నిర్ధారణ అయిన మొదటి నెలల్లో తల్లిదండ్రులు ఎక్కువగా ఇరుక్కునే చోట్లు ఇవి.

సమస్య: మాత్రలు వేస్తున్నా షుగర్ దిగట్లేదు, పిల్లాడు రోజురోజుకీ చిక్కిపోతున్నాడు

ఇలాంటి ఇళ్లలో జరిగే తీరు తెలియడానికి ఒక ఉదాహరణ చెబుతాను. పాలకొల్లు దగ్గర పల్లెలో తొమ్మిదో తరగతి కుర్రాడు. మూడు వారాలుగా రాత్రి మూడు నాలుగు సార్లు పాస్‌కి లేస్తున్నాడు, పక్కన పెట్టిన చెంబుడు నీళ్లూ ఖాళీ చేస్తున్నాడు. తిండి బాగానే తింటున్నా 48 కిలోలవాడు 42కి వచ్చాడు. పరీక్షల టెన్షన్ అనుకున్నారు. రక్తం చూపిస్తే షుగర్ 386. తాతగారికి షుగర్ ఉంది కాబట్టి ఇదీ వంశంలోదే అనుకొని, ఊళ్లో చూసిన ఆయన మెట్‌ఫార్మిన్ రాసిచ్చారు. వారం తర్వాత 430. బరువు ఇంకో కిలో తగ్గింది.

కారణం: రక్తంలోని చక్కెర కాలువలో నీళ్లనుకోండి, ఒంట్లోని కణాలు చేలు. తూము తలుపు ఎత్తే లస్కరు ఇన్సులిన్. టైప్ 2లో లస్కరు ఉన్నాడు గానీ తలుపు తుప్పు పట్టి కదలదు. మెట్‌ఫార్మిన్ లాంటి మాత్ర ఆ తుప్పు వదిలిస్తుంది. టైప్ 1లో అసలు లస్కరే లేడు. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తుంది. లక్షణాలు బయటపడేసరికి ఆ కణాల్లో చాలా భాగం పోయి ఉంటాయి. తలుపుకి ఎంత నూనె పెట్టినా ఎత్తేవాడు లేకపోతే చేలోకి చుక్క దిగదు. కణాలకు చక్కెర అందక ఒళ్లు తన కొవ్వునూ కండనూ కాల్చుకుంటుంది. పిల్లాడు తింటూనే చిక్కిపోవడం అందుకే.

పరిష్కారం: ఆ రోజే మూత్రంలో కీటోన్లు, అంటే ఒళ్లు కొవ్వు కాల్చుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు, ఉన్నాయేమో చూపించండి. ల్యాబ్‌లో కాసేపట్లో తేలిపోయే పరీక్ష, మందుల షాపుల్లో స్ట్రిప్పులు కూడా దొరుకుతాయి. పిల్లలో షుగర్ 200 దాటి ఈ లక్షణాలుంటే మళ్లీ పరగడుపు పరీక్ష అంటూ రేపటి దాకా ఆగనక్కర్లేదు. పిల్లల డాక్టరున్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఏ రకమో తేల్చడానికి జిఏడి యాంటీబాడీలు, సి-పెప్టైడ్ అనే రక్తపరీక్షలు ఉన్నాయి. యాంటీబాడీలు కనిపిస్తే టైప్ 1 అన్నదానికి గట్టి ఆధారం. కనిపించనంత మాత్రాన కాదనీ చెప్పలేం. సి-పెప్టైడ్ అంటే ఒంట్లో సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే లెక్క. షుగర్ బాగా ఎక్కువగా ఉన్న రోజుల్లో తీస్తే అది మోసం చేయగలదు, టైప్ 2 పిల్లల్లోనూ తక్కువగా కనిపించవచ్చు. ఈ రిపోర్టుల కోసం ఆగకుండా ఆస్పత్రిలో ఇన్సులిన్ మొదలుపెడతారు, అవి వచ్చే లోపు దాన్ని ఆపరు, ఆపకూడదు కూడా.

సమస్య: వాంతులు, కడుపునొప్పి, ఆయాసం

పై కుర్రాడికి తర్వాత జరిగేది ఇదే. గ్యాస్ అనుకుని సోడా పట్టిస్తారు, నీరసం అని కొబ్బరినీళ్లు పట్టిస్తారు. ఊపిరి లోతుగా, వేగంగా తీస్తుంటే, నోట్లోంచి మగ్గిన పండు వాసన వస్తుంటే అది కీటోఅసిడోసిస్. కీటోన్లు పోగై రక్తం ఆమ్లంగా మారిపోయింది.

పరిష్కారం ఒక్కటే, ఐసీయూ ఉన్న ఆస్పత్రి, వెంటనే. అక్కడ ముందు సెలైన్, తర్వాత ఇన్సులిన్ డ్రిప్ ఇస్తూ, గంటగంటకీ షుగర్ చూస్తూ నెమ్మదిగా దించుతారు. పిల్లల్లో హడావిడిగా దించితే మెదడు వాచే ప్రమాదం ఉంది. అందుకే ఊళ్లో రెండు సీసాలు ఎక్కించుకుని సాయంత్రానికి ఇంటికి తెచ్చేసుకునే జబ్బు కాదిది.

సమస్య: అమ్మాయి లావుగా ఉంది, మెడ నల్లబడింది, ఇంట్లో అందరికీ షుగరే

మెడ వెనకా, చంకల్లోనూ చర్మం నల్లగా, మందంగా, వెల్వెట్ గుడ్డలా తయారవుతుంది. మురికి అనుకుని ఆదివారం తలంటు పోసేటప్పుడు సున్నిపిండి పెట్టి ఎర్రబడేదాకా రుద్దుతారు. పోదు, ఎందుకంటే అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ పనిచేయక, క్లోమం ఇంకా ఇంకా పోస్తోందనడానికి గుర్తు. ఈ గుర్తుతో పాటు బరువు ఎక్కువ ఉండి, యాంటీబాడీలు లేకుండా, షుగర్ మెల్లగా నెలల తరబడి పెరిగి ఉంటే అది టైప్ 2 అయ్యే అవకాశమే ఎక్కువ.

ఇక్కడ పరిష్కారం వేరు. మెట్‌ఫార్మిన్ పదేళ్లు దాటిన పిల్లలకు ఇస్తారు. పళ్లెంలో అన్నం సగానికి తగ్గించి ఆ సగం కూరా పప్పూ పెట్టడం, కూల్‌డ్రింకులు మానడం, రోజూ గంట ఒళ్లు కదిలే ఆట ఆడటం నిజంగా షుగర్‌ని దించుతాయి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.5 దాటి ఉంటే, లేదా కీటోన్లు ఉంటే, టైప్ 2 పిల్లలకూ మొదట ఇన్సులిన్ ఇచ్చి, అదుపులోకి వచ్చాక తగ్గిస్తూ ఆపుతారు. కాబట్టి ‘ఇంజెక్షన్ ఇచ్చారు గనక టైప్ 1’ అనుకోకండి. లావు పిల్లలకు టైప్ 1 రాదనీ అనుకోకండి, వస్తుంది.

టైప్ 2 అని తేలగానే ‘హమ్మయ్య, చిన్నదే’ అని నిట్టూర్చే తల్లిదండ్రులున్నారు. నా ఉద్దేశంలో ఆ నిట్టూర్పు తొందరపాటు. ఈ వయసులో వచ్చిన టైప్ 2 పెద్దల్లో కంటే వేగంగా ముదురుతుంది. కళ్లూ కిడ్నీల పరీక్షలు నిర్ధారణ అయిన రోజు నుంచే మొదలుపెట్టాలి. టైప్ 1లో వీటికి కొన్నేళ్ల వ్యవధి ఉంటుంది.

సమస్య: ఇన్సులిన్ మొదలుపెట్టిన నెలన్నరకి డోసు తగ్గిపోతోంది, జబ్బు పోయినట్టేనా?

మోసపోయేవాళ్లు ఎక్కువగా ఉండేది ఇక్కడే. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు మన కుర్రాడికి రోజుకి 32 యూనిట్లు. ఆరు వారాలకి 12 యూనిట్లకే షుగర్ 70కి దిగిపోతోంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎవరో చుట్టాలావిడ తెచ్చిన పొడపత్రి పొడి మొదలుపెట్టారు. ఇంకేముంది, ఘనత అంతా పొడికి పోతుంది. ఇన్సులిన్ మానేస్తారు. కొన్ని రోజులు బాగానే ఉంటుంది. తర్వాత మళ్లీ వాంతులు, మళ్లీ ఐసీయూ.

కారణం: షుగర్ అదుపులోకి రాగానే, ఇంకా బతికున్న కాసిని బీటా కణాలు కోలుకుని కొంత ఇన్సులిన్ ఇస్తాయి. డాక్టర్లు దీన్ని హనీమూన్ అంటారు. కొన్ని వారాల నుంచి చాలా నెలల దాకా ఉంటుంది. ఆ తర్వాత మిగిలిన కణాలు కూడా పోతాయి, డోసు మళ్లీ పెరుగుతుంది. పొడి వేసినా వేయకపోయినా జరిగేది ఇదే.

పరిష్కారం: లో-షుగర్లు వస్తుంటే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేసి డోసు తగ్గించమని అడగండి. రెండు యూనిట్లకి వచ్చినా సరే, సున్నా మాత్రం చేయకండి. జ్వరం వచ్చి తిండి తినకపోయినా రోజంతా పనిచేసే బేస్ ఇన్సులిన్ ఆపకూడదు. జ్వరంలో ఒంటికి ఇన్సులిన్ ఇంకా ఎక్కువ కావాలి. 1922 జనవరిలో టొరంటోలో డయాబెటిస్‌కు మొట్టమొదట ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకున్న రోగి కూడా పద్నాలుగేళ్ల కుర్రాడే. అంతకుముందు ఈ వయసు పిల్లలకు దొరికిన వైద్యం కడుపు మాడ్చడం ఒక్కటే, అదీ కొద్ది నెలల కోసం.

సమస్య: డోసు అదే, తిండీ అదే, షుగర్ మాత్రం ఉన్నట్టుండి 300

పిల్లాడు దొంగతనంగా పూతరేకులు తిన్నాడని తిట్టే ముందు సిరంజి మూత రంగు చూడండి. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు చాలావరకు మిల్లీలీటరుకి 40 యూనిట్లవి. వాటికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల ఇన్సులిన్‌కి నారింజ రంగు మూత సిరంజి. షాపులో ఎర్రది లేక నారింజది ఇచ్చారనుకోండి, 40 సీసా నుంచి 20 గీత దాకా తీస్తే పిల్లాడికి ఎక్కేది 8 యూనిట్లే. తిరగబడితే ఇంకా ప్రమాదం. 100 ఇన్సులిన్‌ని ఎర్ర సిరంజితో 20 గీత దాకా తీస్తే 50 యూనిట్లు ఎక్కుతాయి. సీసా మీది 40, సిరంజి మీది 40 కలిశాయా అని ప్రతి కొత్త ప్యాకెట్‌కీ చూసుకోవాలి.

రెండోది ఎండ. మే నెలలో కరెంటు పోయి, సీసా బల్లమీద ఉండిపోతే మందు బలం పోతుంది. తెరవని సీసాలు ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే. వాడుతున్న సీసా మీద తెరిచిన తేదీ రాసి 28 రోజులకి మార్చేయండి. ఫ్రిజ్ నమ్మకం లేకపోతే పెద్ద మట్టికుండలో ఇసుక పోసి తడిపి, మధ్యలో చిన్న ముంత దించి, సీసాని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి అందులో ఉంచండి. నీళ్లలా తేటగా ఉండాల్సిన ఇన్సులిన్ మసకబారితే వాడొద్దు.

మూడోది, ఒకే చోట గుచ్చడం. పొట్ట మీద ఒక్కచోటే పొడిస్తే అక్కడ గడ్డలా తయారై మందు సరిగా ఎక్కదు. వేలితో తడిమితే తెలిసిపోతుంది. చోటు మార్చండి.

సమస్య: ఆడుతూ ఆడుతూ చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది

షుగర్ 70 లోపుకి దిగింది. ఇన్సులిన్ వాడే ఏ పిల్లకైనా రావచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు అరుదు. మూడు చెంచాల పంచదార అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి, ఎక్కకపోతే మళ్లీ ఇవ్వండి. తర్వాత బిస్కెట్లో, అన్నమో పెట్టండి. తాపేశ్వరం కాజా పెడితే? నెయ్యి వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది, ఆ సమయానికి అక్కరకు రాదు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లండి. షుగర్‌ని వెంటనే పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇంట్లో ఉంచుకోవడం గురించి డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి. స్కూల్లో క్లాస్ టీచర్‌కీ, పీఈటీ సార్‌కీ ఈ పంచదార సంగతి చెప్పి, ఒక పొట్లం వాళ్ల దగ్గరా, ఒకటి పిల్లాడి జేబులోనూ ఉంచండి.