ప్రమాణపత్రం సరిచూడడం – 4వ పాఠం: పేర్లన్నీ ఒకటి చేయకండి

గత పాఠంలో పేర్ల చీటీ తయారుచేయడం నేర్చుకున్నాము. ప్రమాణపత్రంలో వచ్చే ప్రతి వ్యక్తి పేరును, మూలపత్రంలో ఉన్నది ఉన్నట్టుగా, అక్షరం అక్షరం చూసి ఒక చీటీ మీద రాసుకుని, ఆ చీటీని పక్కన పెట్టుకుని ముసాయిదా చదవమన్నాను. మీరు పంపిన సమాధానాలలో చీటీలు చక్కగా ఉన్నాయి. అయితే చాలామంది చీటీ రాసుకున్న తరువాత ముసాయిదాలోని పేర్లన్నిటినీ ఒకే రూపానికి మార్చివేశారు. ఈ పని వలన ఆ ప్రమాణపత్రం ఎందుకూ పనికిరాకుండా పోయింది కనుక, ఈ పాఠంలో తేదీల గురించి చెప్పే ముందు దీనిని పూర్తిగా తేల్చుకోవాలి.

అభ్యాసానికి ఇచ్చిన ముసాయిదాను మళ్లీ తీయండి. అందులోని ప్రమాణకర్త పేరు పాఠశాల ధ్రువపత్రంలో సరస్వతి అని, బ్యాంకు పుస్తకంలో సరస్వతమ్మ అని ఉంది. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి అని చెప్పడానికే ఆమె ప్రమాణం చేస్తున్నారు. నాలుగవ పేరాలో "సరస్వతి అనియు, సరస్వతమ్మ అనియు నమోదైన పేర్లు రెండును నావే" అన్న వాక్యం ఉంది. దీనిని "సరస్వతమ్మ అనియు, సరస్వతమ్మ అనియు నమోదైన పేర్లు రెండును నావే" అని మార్చిన తరువాత ఆ పత్రం ఏమి రుజువు చేస్తుందో మీరే చదివి చూడండి.

సరిచూసేవారు పేరు కనిపించిన ప్రతిచోటా ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ వాక్యం మనిషిని పిలుస్తున్నదా, లేక ఫలానా పత్రంలో ఏమని రాసి ఉందో చెబుతున్నదా? మనిషిని పిలిచే చోట, అంటే మొదటి పంక్తిలోను, సంతకం కింద రాసే పేరులోను, ప్రస్తుతం ఆమె గుర్తింపు పత్రంలో ఉన్న రూపమే ఉండాలి. పత్రంలోని రాతను చెప్పే చోట ఆ పత్రంలో ఉన్న రూపమే ఉండాలి, అది మీ కంటికి ఎంత తప్పుగా కనిపించినా సరే. లక్ష్మి అన్న పేరును పాఠశాల వారు లక్ష్మీ అని రాసి ఉంటే, ఆ పత్రాన్ని ఉటంకించే వాక్యంలో లక్ష్మీ అనే ఉంటుంది. నిఘంటువు ప్రకారం పేర్లను దిద్దే అధికారం మనకు లేదు.

ఆ ముసాయిదాలో అసలు తప్పు సంతకం దగ్గర ఉంది. మొదటి పంక్తిలో సరస్వతమ్మ అని మొదలైన ప్రమాణకర్త, సంతకం చోట సరస్వతి అయ్యారు. అన్ని పేర్లనూ ఒకేసారి మార్చినవారికి ఈ తప్పు యాదృచ్ఛికంగా సరిపోయింది గాని, కనిపించలేదు. ఇంతకన్నా ముఖ్యమైనది తండ్రి పేరు. పాఠశాల ధ్రువపత్రంలో వెంకటరామయ్య అని, బ్యాంకు పుస్తకంలో వెంకట్రామయ్య అని ఉంది. ఈ తేడా గురించి ప్రమాణపత్రంలో ఒక్క మాట కూడా లేదు. ప్రమాణకర్త పేరులోని తేడాను సరిచేసుకోవడానికి వెళ్లిన పత్రం, తండ్రి పేరులోని తేడా దగ్గర ఆగిపోవచ్చు. ఈ విషయాన్ని ముసాయిదా రాసినవారికి పేరా సంఖ్యతో సహా తెలియజేయడం వరకే మన పని. వాక్యం చేర్చాలా వద్దా అన్నది వారూ ప్రమాణకర్తా కలిసి నిర్ణయించవలసినది. మీరు రెండింటినీ ఒకటి చేస్తే, తెలియజేయవలసిన విషయాన్నే మీరు దాచినట్టు అవుతుంది.

కంప్యూటరులో వెతికి ఒక్క దెబ్బతో అన్నిటినీ మార్చే పద్ధతిని నేను పేర్ల విషయంలో అసలు వాడను. వెతకడానికి మాత్రం వాడతాను, అదీ పేరులోని మొదటి రెండక్షరాలతోనే. ముద్రించిన కాగితం మీద ఒకేలా కనిపించే శ్రీనివాస్‌ అన్న పేరులో, చివరి పొల్లు తరువాత కంటికి కనిపించని విడదీత గుర్తు ఒక చోట ఉండి మరొక చోట లేకపోతే, పూర్తి పేరుతో వెతికినప్పుడు కొన్ని దొరకకుండా పోవచ్చు.

ఇక తేదీలు. అదే ముసాయిదాలో పుట్టిన తేదీ ఇలా ఉంది: "07-04-1986 (వెయ్యి తొమ్మిది వందల ఎనభై ఆరవ సంవత్సరం జూలై నాలుగవ తేదీ)". అంకెలు చూసిన కన్ను మాటలను నిజంగా చదవదు, చదివినట్టు అనుకుని దాటిపోతుంది. అందువలన అంకెలను ఒక కాగితం ముక్కతో కప్పి, మాటలు మాత్రమే చదివి, వాటిని మీ చేతితో అంకెలలోకి మార్చి రాయండి. ఆ తరువాత కాగితం తీసి పోల్చండి. ఇక్కడ మీ చీటీ మీద 04-07-1986 వస్తుంది. రోజు, నెల రెండూ 12 లోపు ఉన్నప్పుడు ఈ తారుమారు వలన అసాధ్యమైన తేదీ ఏర్పడదు కనుక, అటువంటి తేదీలను రెండుసార్లు చూడాలి.

రెండింటిలో ఏది సరైనది? ముసాయిదా చూసి చెప్పలేము. మాటలలో రాసినదే చెల్లుతుందని కొందరు సమాధానం రాశారు. పత్రం పూర్తయిన తరువాత దానికి అర్థం చెప్పేవారికి ఆ సూత్రం పనికిరావచ్చు గాని, ఇంకా సంతకం కాని పత్రంలో మనకు పుట్టిన తేదీ మూలపత్రమే ఆధారం. వయస్సు 38 సంవత్సరాలని ఉంది కాబట్టి జూలై నాలుగే సరైనదని మరికొందరు వాదించారు. ప్రమాణం తేదీ 12-05-2025. ఏప్రిల్ ఏడున పుట్టి ఉంటే ఆనాటికి 39 నిండుతాయి, జూలై నాలుగున పుట్టి ఉంటే 38 మాత్రమే. లెక్క సరిగానే ఉంది. కాని ఆ వయస్సును ఎవరో తప్పు తేదీ నుంచే లెక్కకట్టి ఉండవచ్చు. మూలపత్రంలో ఏప్రిల్ ఏడు అని ఉంది కనుక ఇక్కడ మాటలూ, వయస్సూ రెండూ తప్పే. ప్రమాణం తేదీని ఖాళీగా వదిలి తరువాత చేతితో నింపే పత్రాలలో, మధ్యలో పుట్టినరోజు దాటిందేమో కూడా చూడాలి.

పునరుక్తి గురించి ఈసారి ఒక్క సందర్భమే చెబుతాను. మూడవ పేరాలో బ్యాంకు పుస్తకంలో తన పేరు సరస్వతమ్మ అని ఉన్నదని చెప్పి, ఆరవ పేరాలో "బ్యాంకు పుస్తకంలోను, పింఛను పుస్తకంలోను" అని మళ్లీ చెప్పారు. పైకి రెండూ ఒకటే అనిపించి ఆరవ పేరా కొట్టివేస్తే, పింఛను పుస్తకం ప్రమాణంలో నుంచి తప్పిపోతుంది. మూడవది కొట్టివేస్తే, నాలుగవ పేరాలోని "పై పేరాలో తెలిపిన బ్యాంకు పుస్తకం" అన్న మాటకు ఆధారం పోతుంది. ఏది తీసినా పేరాల సంఖ్యలు మారి, చివరి ధ్రువీకరణలో "1 నుండి 7 వరకు గల పేరాలలోని విషయములు నాకు తెలిసినంతవరకు నిజము" అన్న చోట లేని ఏడవ పేరాకు కూడా ప్రమాణం చేసినట్టు అవుతుంది. కనుక రెండు పేరాల పక్కనా పెన్సిలుతో గీత గీసి, తేడా ఉన్న మాట కింద గుర్తు పెట్టి, రాసినవారిని అడగండి. వారు తీసివేసిన తరువాత ధ్రువీకరణను, లోపలి పేరా సూచనలను మళ్లీ మొదటి నుంచి చూడండి.

ఇవన్నీ సంతకానికి ముందు చేసే పనులు. అధికారి ఎదుట ప్రమాణం జరిగిపోయిన పత్రంలో ఒక్క దీర్ఘం కూడా మీరు దిద్దకూడదు. తప్పు కనిపిస్తే వెనక్కి పంపండి.

అభ్యాసం: అదే ముసాయిదాలో పేర్లు వచ్చిన చోట్లన్నిటికీ వరుస సంఖ్యలు వేసి, ఒక్కొక్క దానికి ఏ పత్రం ఆధారమో ఎదురుగా రాయండి. తరువాత ప్రమాణం తేదీ 05-04-2025 అనుకుని వయస్సు మళ్లీ లెక్కకట్టండి. చివరగా, మూడవ పేరాను ఉంచి ఆరవ పేరాలోని పింఛను పుస్తకాన్ని అందులో కలిపితే ముసాయిదాలో ఇంకా ఎక్కడెక్కడ మార్పులు అవసరమవుతాయో, దేనినీ మీరు దిద్దకుండా, రాసినవారికి పంపే ప్రశ్నల రూపంలో రాసి పంపండి.