సీసీటీవీ లెన్సు లెక్కలు – నాలుగో పాఠం: సందు చివర ముఖం గుర్తుపట్టాలంటే

ఈ పాఠంలో కెమెరా ఎంత ఎత్తున బిగించాలో చెప్పాలనుకున్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. పోయినసారి ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక ముందుకు వెళ్లడం సరికాదనిపించింది. చాలామంది 4 ఎం.ఎం. లెన్సు చాలన్నారు, కొందరు 12 ఎం.ఎం. కావాలన్నారు. అడిగిన పనికి సరిపోయేది 8. అటూ ఇటూ తప్పడానికి కారణం మాత్రం ఒకటే, అది కెమెరా పెట్టె మీదే ఉంది.

లెక్క మరోసారి చెబుతాను. 3 మీటర్ల వెడల్పున్న సందు. ఇంటి గేటు పైన, నేల నుంచి 3 మీటర్ల ఎత్తున బుల్లెట్ కెమెరా సందు పొడవునా చూస్తోంది. 10 మీటర్ల అవతల సందు మొదలు, అంటే రోడ్డు మీద నుంచి మనుషులు లోపలికి తిరిగే చోటు. అక్కడికి వచ్చిన మనిషి మనకు తెలియనివాడైనా, తర్వాత ముఖం చూసి గుర్తుపట్టగలగాలి. కెమెరా 1920 × 1080, సెన్సరు 1/2.8 అంగుళాలు. సూత్రం మీకు తెలిసిందే: సెన్సరు వెడల్పును దూరంతో గుణించి లెన్సు ఎం.ఎం.తో భాగిస్తే, ఆ దూరంలో ఎన్ని మీటర్ల వెడల్పు ఫ్రేములో పడుతుందో వస్తుంది.

తప్పు మొదలైంది ఇక్కడే. సెన్సరు వెడల్పు ఎంత? కొందరు 1/2.8లో ఉన్న 2.8ని తీసుకుని అదే వెడల్పు అనుకున్నారు. పెట్టె మీద లెన్సు దగ్గర కూడా 2.8 అనే అంకె కనిపిస్తుంది కాబట్టి రెండూ కలిసిపోయాయి. కానీ ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. లెన్సు పక్కనున్న 2.8 నిజంగా మిల్లీమీటర్లే. సెన్సరు పక్కనున్న 1/2.8 అంగుళంలో ఒక భాగం, అది కూడా పేరుకే. ఇంకొందరు ఆ సంగతి తెలిసి, 25.4ని 2.8తో భాగించి 9 ఎం.ఎం. అని తేల్చారు. పద్ధతిగానే చేశారు, అయినా తప్పే. ఈ కొలత పాత రోజుల కెమెరా ట్యూబుల నుంచి వచ్చింది. అప్పట్లో ఒక అంగుళం ట్యూబు అంటే గాజు గొట్టం బయటి వ్యాసం ఒక అంగుళం. దాని లోపల బొమ్మ పడే చోటు మూల నుంచి మూలకు దాదాపు 16 ఎం.ఎం. మాత్రమే. ట్యూబులు పోయి చిప్పులు వచ్చినా ఆ కొలత పేరు అలాగే ఉండిపోయింది. అందుకే పెట్టె మీది అంగుళాలను మిల్లీమీటర్లలోకి మార్చి లెక్క వేయకూడదు, ఎప్పుడూ.

అసలు వెడల్పు పట్టుకోవడానికి తేలిక దారి ఉంది. ఈ తరహా 1080 సెన్సర్లలో ఒక్కో పిక్సెల్ వెడల్పు సాధారణంగా 2.9 మైక్రాన్లు. 1920 పిక్సెళ్లను దానితో గుణిస్తే 5.57 ఎం.ఎం. వస్తుంది. నేను 5.6 అని గుర్తుపెట్టుకుంటాను. ఎత్తు 3.15.

ఇప్పుడు మీ తప్పులు ఎక్కడికి తీసుకెళ్లాయో చూద్దాం. 2.8 వేసినవాళ్లకు 4 ఎం.ఎం. లెన్సుతో 10 మీటర్ల దగ్గర 7 మీటర్ల వెడల్పు వచ్చింది. 1920ని 7తో భాగిస్తే మీటరుకు 274 పిక్సెళ్లు. ముఖానికి చాలని ఆగిపోయారు. నిజానికి ఆ లెన్సు 14 మీటర్లు చూపిస్తుంది, మీటరుకు 137 పిక్సెళ్లే మిగులుతాయి. సరిగ్గా సగం. 9 వేసినవాళ్లది దీనికి ఎదురు తప్పు. 8 ఎం.ఎం. లెన్సు 11 మీటర్లు చూపిస్తుందని భయపడి 12కి వెళ్లారు. 12 నిజంగా చూపించేది 4.7 మీటర్లు. ముఖం బాగానే వస్తుంది, కానీ కెమెరాకు దగ్గరి సందంతా ఫ్రేము బయట పోతుంది.

మీటరుకు ఎన్ని పిక్సెళ్లు కావాలన్నది నేను సొంతంగా పెట్టిన కొలత కాదు. సీసీటీవీకి ఉన్న ఐరోపా ప్రమాణం ఈఎన్ 62676-4 ప్రకారం తెలిసిన మనిషిని గుర్తుపట్టడానికి మీటరుకు 125, తెలియని మనిషి ఎవరో నిర్ధారించడానికి 250. ముఖం వెడల్పు సుమారు 16 సెంటీమీటర్లు అనుకుంటే, 137 దగ్గర ముఖానికి దక్కేది 22 పిక్సెళ్లు. ఇంట్లోవాళ్లయితే నడక, ఒడ్డూపొడుగూ చూసి పోల్చుకోవచ్చు. కొత్త మనిషైతే కళ్లు రెండు నల్లటి మచ్చల్లా ఉంటాయి, అంతే. 8 ఎం.ఎం. లెన్సుతో వెడల్పు 7 మీటర్లు, మీటరుకు 274 పిక్సెళ్లు, ముఖానికి 44. కనుబొమలు, గడ్డం ఆకారం తెలుస్తాయి. 6 ఎం.ఎం. పెడితే 206 వస్తుంది, హద్దుకు దిగువనే. పగటి వెలుగులో నడిచిపోవచ్చేమో గానీ, నేనైతే ఒప్పుకోను. రాత్రి కదిలే మనిషి బొమ్మ కొంత చెదురుతుంది కాబట్టి హద్దుకు కాస్త పైనే ఉండాలి.

ప్రతిసారీ ఇంత లెక్క వేయకుండా నేను వాడే అడ్డదారి ఒకటి చెబుతాను. ఈ సెన్సరుకు, 1080 కెమెరాకు, లెన్సు ఎం.ఎం.ను 1.4తో గుణిస్తే కొత్త ముఖం తెలిసే దూరం మీటర్లలో వస్తుంది. 4కి ఐదున్నర, 8కి 11. తెలిసిన మనిషికైతే దానికి రెట్టింపు. సెన్సరో రిజల్యూషనో మారితే ఈ 1.4 కూడా మారుతుంది, అప్పుడు మళ్లీ మొదటి సూత్రానికే వెళ్లాలి.

2.8 ఎం.ఎం. లెన్సు సందుకు ఎందుకు వద్దంటానో కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే కొన్నప్పుడు చేతికి ఎక్కువగా వచ్చేది అదే. 10 మీటర్ల దగ్గర అది 20 మీటర్ల వెడల్పు చూస్తుంది. సందు 3 మీటర్లే కాబట్టి ఆ వరసలో ఫ్రేములో 85 శాతం గోడలే. పగలు అది వృథా మాత్రమే. రాత్రి అది నష్టం. ఆ లెన్సుకు పక్క గోడలు కెమెరా ముందు ఒకటిన్నర మీటరు నుంచే ఫ్రేములోకి వచ్చేస్తాయి. చీకట్లో చూడటానికి కెమెరా వేసే ఐఆర్ లైటు ఆ దగ్గరి గోడల మీద పడి తెల్లగా వెలిగిపోతుంది. వెలుగు దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి, ఒకటిన్నర మీటరు దగ్గర పడేది 10 మీటర్ల దగ్గర పడేదానికి నలభై రెట్లు పైనే ఉంటుంది. కెమెరా ఆ తెల్లదనాన్ని చూసి ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది, సందు మొదలు చీకటైపోతుంది. రాత్రి రికార్డింగులో అంచులు తెల్లగా, మధ్య నల్లగా ఉంటే ఇదే జరుగుతోందని తెలుసుకోండి. పెట్టె మీద 30 మీటర్లు అని ఉంది కదా అంటారు. అది ఐఆర్ వెలుగు చేరే దూరం, ముఖం తెలిసే దూరం కాదు.

ఇక 8 ఎం.ఎం. పెట్టినప్పుడు వచ్చే చిక్కు. కెమెరాను మామూలుగా అడ్డంగా బిగించి, ఫ్రేము పై అంచు సందు మొదట్లో మనుషుల తలల కంటే కాస్త పైన ఉండేలా పెడితే, నేల కనిపించడం కెమెరా నుంచి దాదాపు ఆరున్నర మీటర్ల తర్వాతే మొదలవుతుంది. సందులో సగానికి పైగా నేల పోయింది. దీనికి మందు కెమెరాను 90 డిగ్రీలు తిప్పి నిలువుగా బిగించి, మెనూలో Rotate దగ్గర 90 ఎంచుకోవడం. దీన్ని కారిడార్ మోడ్ అంటారు. ఇప్పుడు 5.6 ఎం.ఎం. వైపు నిలువుకు వచ్చింది. నేల మూడున్నర మీటర్ల నుంచే కనిపిస్తుంది. అడ్డంగా 10 మీటర్ల దగ్గర 3.9 మీటర్లు పడుతుంది, 3 మీటర్ల సందు హాయిగా ఇముడుతుంది. పక్క గోడలు కూడా ఏడున్నర మీటర్ల తర్వాతే ఫ్రేములోకి వస్తాయి, కాబట్టి ఐఆర్ గొడవ చాలావరకు తీరుతుంది. తిప్పినంత మాత్రాన పిక్సెళ్లు పెరగవు. మీటరుకు అదే 274. మారేది ఫ్రేము ఆకారం ఒక్కటే. కొనే ముందు ఆ మోడల్‌కు ఈ సదుపాయం ఉందో లేదో చూసుకోండి, అన్నింటికీ ఉండదు.

దుకాణం కౌంటరు, వాకిలి అడిగినవాళ్లకు క్లుప్తంగా. కౌంటరు 3 మీటర్ల దూరంలో ఉంటే 2.8 లెన్సుకే మీటరుకు 320 పిక్సెళ్లు వస్తాయి, లెక్క ప్రకారం చాలు. నేనైతే 4 పెడతాను: వెడల్పు 4.2 మీటర్లకు తగ్గి, చేతులూ గల్లాపెట్టే ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. వాకిట్లో ఎవరైనా తిరుగుతున్నారా లేదా అన్నదే కావాలంటే 2.8 సరైనదే, ముఖం కోసం గేటు దగ్గర వేరే కెమెరా పెట్టుకోండి.

ఈసారి సాధన రెండు భాగాలు. మొదటిది, మీ దగ్గరున్న ఏ కెమెరానైనా గోడకు ఎదురుగా సరిగ్గా 3 మీటర్ల దూరంలో పెట్టండి. గోడ మధ్యలో అడ్డంగా ఒక మీటరు కర్ర అంటించి, పూర్తి పిక్సెళ్లతో వచ్చే మెయిన్ స్ట్రీమ్ నుంచి స్నాప్‌షాట్ తీయండి. ఫోనులో నాలుగు కెమెరాలు కలిపి కనిపించేది పిక్సెళ్లు తగ్గించి పంపే సబ్ స్ట్రీమ్, దాన్ని కొలిస్తే లెక్కంతా పోతుంది. బొమ్మలో కర్ర ఎన్ని పిక్సెళ్లుందో చూడండి. 4 ఎం.ఎం., 1/2.8 సెన్సరు, 1080 అయితే 457 దగ్గర రావాలి. చాలా తేడా వస్తే మీ సెన్సరు వేరే. బొమ్మ వెడల్పు పిక్సెళ్లను కర్ర పిక్సెళ్లతో భాగించి, లెన్సు ఎం.ఎం.తో గుణించి, 3తో భాగిస్తే దాని అసలు వెడల్పు దొరుకుతుంది.

రెండోది కష్టమైనదే, తొందరపడకండి. నాలుగున్నర మీటర్ల సందు, మొదలు 16 మీటర్ల దూరంలో. అక్కడ కొత్త ముఖం తెలియాలి. కెమెరా కింద, 2 మీటర్ల దూరంలో నిలిపే బండి కూడా కనిపించాలి. కెమెరా ఎత్తు 3 మీటర్లు, 1920 × 1080, ఇదే సెన్సరు. ఏ లెన్సు? నిలువుగా తిప్పితే సందు అడ్డంగా ఇముడుతుందా? ఒకే కెమెరాతో కాదంటే ఏ అంకె దగ్గర కాదన్నది తేలిందో రాసి పంపండి.