హాస్టల్లో మొదటి సాయంత్రం రూమ్మేట్లను, సీనియర్లను పలకరించడం ఎలా?

గది తలుపు తెరిచే ఉన్నా ఒకసారి తట్టి లోపలికి వెళ్లండి. సామాను మంచం మీద కాకుండా గోడవారగా పెట్టి, పేరు, బ్రాంచ్ చెప్పి, ఏ మంచం ఖాళీగా ఉందో అడిగితే రూమ్మేట్లతో పని ముగిసినట్లే. వారి తల్లిదండ్రులు ఇంకా గదిలోనే ఉంటే మొదటి నమస్కారం వారికి పెట్టాలి. ఈ మాత్రానికి ఎవరికీ శిక్షణ అవసరం లేదు.

అసలు చిక్కంతా సీనియర్ల దగ్గర వస్తుంది. గది గదికీ తిరిగి పరిచయం చేసుకోమని చాలామంది సలహా ఇస్తారు కానీ, నా దృష్టిలో అది శుద్ధ తప్పు. తెలియని గదిలోకి ఒంటరిగా వెళ్లినవాడు ఎప్పుడు బయటికి రావాలో తేల్చుకోలేక నిలబడిపోతాడు. పలకరింపు వరండాలోనే జరగాలి. ఎదుటి వ్యక్తి చెవి దగ్గర ఫోన్ ఉన్నా, భుజాన తువ్వాలు, చేతిలో బకెట్ ఉన్నా చిన్నగా తల ఊపి దారి ఇవ్వండి, మాటలు తరువాత. తీరికగా కనిపించినప్పుడు మాత్రం, "నమస్తే అన్నా, నేను ఫస్టియర్, ఆ చివరి గదిలో చేరాను" అంటే చాలు. అమ్మాయిల హాస్టల్లో ఇదే మాట "అక్కా" అని సాగుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మనిషిని చూసి ఏ సంవత్సరమో అంచనా వేయకండి. నేను చేరిన సాయంత్రం బక్కపలచగా ఉన్న ఒకతన్ని తోటివాడే అనుకుని "ఏ బ్రాంచ్ రా?" అన్నాను, అతను ఫైనలియర్. అతను నవ్వి ఊరుకున్నాడు కానీ, వారం రోజులు నేను ఆ వైపు మెట్లు ఎక్కలేదు. అందుకే సంగతి తెలిసేదాకా అందరినీ "మీరు" అనే అనాలి. "మీరు" నుంచి "నువ్వు"లోకి దిగడానికి ఒక్క పూట పడుతుంది, "నువ్వు" అనేశాక "మీరు"కు మారితే ఇద్దరికీ ఇబ్బందే.

అలాగని వంగిపోనూ కూడదు. "సార్" అనవద్దు, ఆ పిలుపు ఉద్యోగికి, అధికారికి మధ్య ఉండవలసినది. ఎవరైనా అలాగే పిలవాలని పట్టుబట్టినా, తల దించుకుని నిలబడమన్నా, పాట పాడమని బలవంతం చేసినా అది పరిచయం కాదు, ర్యాగింగ్. వాదన పెట్టుకోకుండా అక్కడి నుంచి కదిలి, ఆ రాత్రే వార్డెన్‌కు చెప్పాలి.

విన్న పేరు మరచిపోతే ఆ సాయంత్రమే మళ్లీ అడగండి, మరునాటికి అడగడం మొహమాటమవుతుంది. అయితే "పేరు మళ్లీ చెప్పరా?" అనకండి. మీరు మర్యాదగానే అన్నా, వరండా గోలలో అది "చెప్పు రా" అన్నట్లు వినబడుతుంది. "మీ పేరు మరొకసారి చెబుతారా అన్నా?" అనండి.