కుటుంబ ట్రస్టు రిటర్న్ వేసే ముందు

రిటర్న్‌ల గడువు దగ్గరపడింది. ట్రస్టు డీడ్ పైన ‘ఇర్రివోకబుల్’, అంటే వెనక్కి తీసుకోలేనిది, అని రాసి ఉంది కదా అని ధీమాగా ఉండకండి. 2026 మార్చి వరకు వచ్చిన ఆదాయానికి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టం డీడ్ లోపలి క్లాజులే చూస్తుంది.

– ఆస్తిలో గానీ ఆదాయంలో గానీ కొంతైనా రాసిచ్చినవారికే తిరిగొచ్చే వీలుందా? ఉంటే 63వ సెక్షన్ ప్రకారం అది రివోకబులే. తండ్రి ఇల్లు ట్రస్టుకు రాసి, ‘అవసరమైతే వెనక్కి తీసుకుంటాను’ అని ఒక వాక్యం పెట్టారనుకోండి. ఏటా 6 లక్షల అద్దె పెద్దకొడుకు ఖాతాలో పడుతున్నా, 61వ సెక్షన్ కింద ఆ ఆదాయం తండ్రిదే, పన్నూ ఆయనదే.

– వాటాలు స్పష్టంగా ఉన్నాయా? ‘ట్రస్టీల ఇష్టం’ అని వదిలేస్తే సాధారణంగా 164వ సెక్షన్ కింద గరిష్ఠ రేటు పడుతుంది, స్లాబుల లాభం పోతుంది.

– భార్య కోసం, లేదా కోడలి కోసం ఉచితంగా రాసిచ్చారా? నిజంగా ఇర్రివోకబుల్ అయినా, 64వ సెక్షన్ ఆ ఆదాయాన్ని ఇచ్చినవారి లెక్కలోనే కలుపుతుంది. చాలామంది మరిచిపోయేది ఇదే.