ఇద్దరు కలిసి వ్యాపారం పెట్టే ముందు: సొంత పేరా, పార్ట్‌నర్‌షిప్పా, ప్రైవేట్ లిమిటెడ్డా?

కరెంట్ ఖాతా తెరవడానికి వెళ్తే బ్యాంకులో ముందుగా అడిగేది ఇదే: ప్రొప్రైటరా, ఫర్మా, కంపెనీయా? అప్పటికప్పుడు తోచింది చెప్పి సంతకాలు పెట్టి వచ్చేవాళ్లే ఎక్కువ. తర్వాత మనసు మార్చుకుంటే పాన్ మారుతుంది, పాన్‌తో పాటు జీఎస్టీ నంబరూ మారుతుంది. అందుకే బ్యాంకుకు వెళ్లకముందే కాగితం మీద లెక్క వేసుకోండి.

బాచుపల్లిలో ఇద్దరు స్నేహితులు ఫ్లాట్లకు ఇంటీరియర్ పనులు మొదలుపెడుతున్నారనుకుందాం. ఒకరు సైటు చూస్తారు, ఇంకొకరు ప్లైవుడ్ కొనుగోళ్లు, వసూళ్లు. ఏడాదికి కోటీ ఇరవై లక్షల పని, ఖర్చులు పోగా ఇద్దరికీ కలిపి 20 లక్షలు మిగులుతుంది. వాళ్లకు వేరే ఆదాయం లేదు. 2025-26కు వర్తించే కొత్త పన్ను విధానంలోనే మూడు దారులూ చూద్దాం.

ఒకరి పేరు మీద ప్రొప్రైటర్‌గా పెట్టి 20 లక్షలూ ఆయన ఆదాయంగానే చూపితే సెస్సుతో కలిపి పన్ను 2,08,000 రూపాయలు. రెండో మనిషికి సగం నిజంగానే జీతంగా ఇస్తే ఇద్దరి ఆదాయమూ 12 లక్షల లోపే ఉంటుంది కాబట్టి రిబేటు వచ్చి పన్ను సున్నా అవుతుంది. కాకపోతే జీతమంటే జీతంలాగే ఉండాలి, నెలనెలా బ్యాంకులో పడాలి. "పేరు నాది, లాభంలో సగం నీది, నష్టంలోనూ సగం నీది" అని మాట అనుకుని ఇద్దరూ నడుపుకుంటుంటే, కాగితం లేకపోయినా చట్టం దాన్ని పార్ట్‌నర్‌షిప్‌గానే చూడగలదు. పైగా డబ్బు పెట్టిన రెండో మనిషికి చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

అసలు జాగ్రత్త పడాల్సింది పార్ట్‌నర్‌షిప్ డీడ్ దగ్గర. ఫర్మ్‌కు స్లాబులు లేవు, మొదటి రూపాయి నుంచే 30 శాతం, సెస్సుతో 31.2 శాతం. అయితే పనిచేసే భాగస్వాములకు ఇచ్చే పారితోషికాన్ని లాభంలోంచి తీసేయొచ్చు. మొదటి ఆరు లక్షల మీద 90 శాతం, ఆ పైన 60 శాతం వరకు ఒప్పుకుంటారు. మన లెక్కలో 5,40,000, దానికి 8,40,000 కలిపితే 13,80,000. మిగిలిన 6,20,000 మీద ఫర్మ్ కట్టేది 1,93,440. ఒక్కొక్కరికి వచ్చిన 6,90,000 రిబేటులో కలిసిపోతుంది, లాభంలో వాటా మీద మళ్లీ పన్ను లేదు.

డీడ్‌లో ఈ పారితోషికం సంగతి రాయకపోతే 20 లక్షల మీదా 31.2 శాతం, అంటే 6,24,000. ఒక్క క్లాజు లేనందుకు నాలుగు లక్షల ముప్పై వేలు అదనం. సికింద్రాబాద్ స్టాంపు వెండర్ దగ్గరో, జెరాక్స్ షాపులోనో దొరికే రెడీమేడ్ డీడ్‌లో "భాగస్వాములు పరస్పరం అనుకున్నంత" అని ఉంటుంది. అది చాలదు. పనిచేసే భాగస్వాములు ఎవరో పేర్లతో, ఎంత ఇస్తారో లేదా ఏ లెక్కన ఇస్తారో స్పష్టంగా ఉండాలి. మార్చిలో గుర్తొచ్చి డీడ్ సవరించినా ఆ తేదీ నుంచే చెల్లుతుంది, గడిచిన నెలలకు కాదు. 2025 ఏప్రిల్ 1 నుంచి భాగస్వామికి ఇచ్చే పారితోషికం, వడ్డీ ఏడాదికి 20,000 దాటితే ఫర్మ్ 10 శాతం టీడీఎస్ కూడా కోయాలి. ఇంకో గొయ్యి ఏమిటంటే, లెక్కలు రాసే పని తప్పుతుందని ఫర్మ్‌ను, టర్నోవర్‌లో ఇంత శాతం లాభమని లెక్కగట్టే ప్రిజంప్టివ్ పద్ధతిలోకి తీసుకెళ్తే అక్కడ పారితోషికం తగ్గింపు రాదు.

కంపెనీ అయితే ఇద్దరూ డైరెక్టర్లుగా చెరో పది లక్షలు జీతం తీసుకోవచ్చు. కంపెనీకి లాభం మిగలదు, జీతాల మీద రిబేటు వస్తుంది. తెలంగాణ వృత్తి పన్ను నెలకు 200 తప్ప కట్టేదేమీ ఉండదు. డబ్బు కంపెనీలోనే ఉంచితే మామూలుగా దానిమీద 26 శాతం, డివిడెండ్‌గా బయటికి తీస్తే మీ చేతిలో మళ్లీ పన్ను.

ఇంతవరకు చదివి కంపెనీకి పరుగెత్తకండి. ఈ వ్యాపారంలో పన్ను కన్నా పెద్ద భయం అప్పు. కస్టమర్ అడ్వాన్సు తీసుకుంటారు, ప్లైవుడ్ అరువుకు తెస్తారు. దుకాణానికి 18 లక్షలు బాకీ ఉండగా ఒక భాగస్వామి దుబాయ్ వెళ్లిపోతే, దుకాణదారు మిగిలిన ఆయన్ని 18 లక్షలకూ అడగొచ్చు. "నా వాటా తొమ్మిదే" అనే మాట వాళ్లిద్దరి మధ్యే చెల్లుతుంది, దుకాణదారు ముందు చెల్లదు. విడిపోయినప్పుడు రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు నోటీసు ఇచ్చి, గెజిట్‌లోనూ తెలుగు పేపర్లోనూ వేయించకపోతే, ఆ తర్వాత ఫర్మ్ చేసే అప్పులకూ మీ మెడ దొరుకుతుంది. ఫర్మ్ రిజిస్టర్ చేయించకపోవడం ఇంకో తప్పు. కస్టమర్ చివరి బిల్లు ఎగ్గొడితే రిజిస్టర్ కాని ఫర్మ్ కోర్టుకెళ్లి వసూలు చేసుకోలేదు. దావా వేశాక రిజిస్టర్ చేయించినా ఆ దావాకు ప్రాణం రాదు.

కంపెనీలో బాకీ కంపెనీదే, మీ ఇల్లు జోలికి రారు. కానీ ఈ గోడకు కంతలున్నాయి. బ్యాంకు చిన్న కంపెనీకి అప్పిచ్చేటప్పుడు డైరెక్టర్ల వ్యక్తిగత హామీ అడగడం మామూలే. ఆ సంతకం పెట్టాక ఆ అప్పు మేరకు మీరూ ప్రొప్రైటరూ ఒకటే. కంపెనీ చెక్కు బౌన్స్ అయితే సంతకం పెట్టినవారి మీద, వ్యవహారం చూసేవారి మీద క్రిమినల్ కేసు పడుతుంది. కంపెనీ నుంచి రాబట్టలేని జీఎస్టీ బకాయి, తన నిర్లక్ష్యం లేదని నిరూపించుకోలేని డైరెక్టర్ మీదికి వస్తుంది.

కంపెనీ పెట్టడం సులువు, నిలబెట్టుకోవడమే పని. వాటా డబ్బు బ్యాంకులో వేసి 180 రోజుల్లో వ్యాపారం మొదలుపెడుతున్నామని చెప్పే INC-20A ఫారం దాఖలు చేయాలి, అది కాకముందు వ్యాపారం మొదలుపెట్టకూడదు. ముప్పై రోజుల్లో ఆడిటర్ని నియమించాలి, టర్నోవర్ సున్నా అయినా ఆడిట్ తప్పదు. ఏటా లెక్కలకు AOC-4, వార్షిక రిటర్న్‌కు MGT-7A వేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు వంద రూపాయలు, పైకప్పు లేదు. రెండూ ఏడాది ఆలస్యమైతే 73,000. పని లేక మూసిపెట్టిన కంపెనీకీ ఇదే లెక్క. వరుసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులవుతారు.

చేబదులు అలవాటున్నవాళ్లు ఒకటి చూసుకోవాలి. డైరెక్టరు, అన్నదమ్ములు, అల్లుడు కంపెనీకి అప్పివ్వొచ్చు, అది తాము మళ్లీ అప్పు తెచ్చిన డబ్బు కాదని రాతపూర్వకంగా చెప్పి. బావమరిది ఆ జాబితాలో లేడు! ఆయన దగ్గర తీసుకుంటే అక్రమ డిపాజిట్ అనే తలనొప్పి. కంపెనీ ఖాతాలోంచి ఇంటి ఈఎంఐ కట్టడమూ అంతే, అది మీరు వాడుకున్న అప్పుగానో డివిడెండుగానో మారి పన్నుకొస్తుంది.

మన బాచుపల్లి స్నేహితులకైతే నేను చెప్పేది, అడ్వాన్సులూ అరువులూ పది లక్షలు దాటకముందు సరైన డీడ్‌తో రిజిస్టరైన ఫర్మ్ చాలు. దాటుతాయని ముందే తెలిస్తే ఇప్పుడే కంపెనీ. రిజిస్ట్రేషన్ డిసెంబరు చివర్లో పడేలా ఉంటే జనవరి 1 దాకా ఆగండి. అలా పుట్టిన కంపెనీకి మొదటి ఆర్థిక సంవత్సరం మరుసటి ఏడు మార్చి 31 దాకా సాగుతుంది, ఒక ఆడిట్ తగ్గుతుంది. ఆదాయపు పన్ను రిటర్న్ మాత్రం జనవరి నుంచి మార్చి దాకా ఉన్న మూడు నెలలకూ వేయాల్సిందే.